షుగర్ ఫ్రీ స్వీట్లకు నిజాయితీగా క్యాప్షన్ రాయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్న స్వీట్ షాపుల వాళ్లకీ, ఇంట్లో చేసి అమ్మేవాళ్లకీ డబ్బా మీద మాటలు, వాట్సాప్‌లో పంపే ఫొటో కింద మాటలు రాసిపెట్టడం నా పని. షుగర్ ఫ్రీ రకాలు మొదలుపెట్టిన ప్రతివాళ్లూ దాదాపు ఇవే సందేహాలు అడుగుతున్నారు. అందుకే జవాబులన్నీ ఒకచోట పెట్టాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు. ఏ జవాబు చదవడానికీ ఇంకోటి చదివి ఉండాల్సిన పనిలేదు.

## పేరు పెట్టే ముందు

మేము చక్కెర పలుకు కూడా వేయలేదు. మరి "షుగర్ ఫ్రీ" అని ఎందుకు రాయకూడదు?

"చక్కెర వేయలేదు" అనేది ఒక మాట, "చక్కెర లేదు" అనేది వేరే మాట. ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో తెచ్చిన ప్రకటనల నిబంధనల ప్రకారం 100 గ్రాముల స్వీట్‌లో మొత్తం చక్కెరలు అర గ్రాము దాటకపోతేనే "షుగర్ ఫ్రీ" అనాలి. ఇక్కడ చక్కెరలంటే మనం డబ్బాలోంచి తీసి వేసేది ఒక్కటే కాదు. పాలలో ఉండే లాక్టోజ్, పండులో ఉండే ఫ్రక్టోజ్ కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

పాలకోవానే తీసుకోండి. ఐదు లీటర్ల గేదె పాలు దగ్గరపడేదాకా మరిగిస్తే కిలో, కిలో వంద గ్రాముల కోవా వస్తుంది. ఆ పాలలో లీటరుకు 50 గ్రాముల చొప్పున 250 గ్రాముల లాక్టోజ్ ఉంటుంది. మరిగిస్తే ఆవిరైపోయేది నీళ్లే, లాక్టోజ్ మొత్తం బాణలిలోనే మిగులుతుంది. తీపి కోసం అందులో పంచదారకు బదులు వాడే మాల్టిటాల్ 300 గ్రాములు కలిపారనుకుందాం. మొత్తం కిలో నాలుగు వందల గ్రాములవుతుంది. అంటే 100 గ్రాముల కోవాలో దాదాపు 18 గ్రాములు పాల చక్కెరే. నిబంధన ఒప్పుకునేది అర గ్రాము. ఈ డబ్బా మీద "షుగర్ ఫ్రీ" అని వేస్తే అది అబద్ధమే అవుతుంది, వేసినవాళ్లకు ఆ ఉద్దేశం లేకపోయినా.

రాయాల్సిన మాట "చక్కెర కలపలేదు". దాని పక్కనే, అదే సైజు అక్షరాల్లో "పాలలో సహజంగా ఉండే చక్కెర ఉంది" అని వేయండి. ఈ రెండో ముక్క లేకపోతే మొదటిది చదివినవాళ్లు అసలు చక్కెరే లేదనుకుంటారు.

బెల్లం, తేనె, ఖర్జూరం వేశాం. అవి చక్కెర కిందికి రావు కదా?

వస్తాయి. నూరు గ్రాముల బెల్లంలో 80 గ్రాముల పైచిలుకు చక్కెరలే ఉంటాయి. తేనెలో కూడా సుమారు అంతే. ఎండు ఖర్జూరంలో 60 గ్రాముల పైనే. తాటిబెల్లం రంగు, వాసన వేరు కావచ్చు గానీ దాంట్లో ఎక్కువగా ఉండేది కూడా సుక్రోజే, అంటే మామూలు పంచదారలో ఉండేదే.

ఇవి వేసినప్పుడు "చక్కెర కలపలేదు" అనడం కూడా కుదరదు. ఖర్జూరం ముద్ద చక్కెర చేసే పనే చేస్తున్నప్పుడు దాన్ని చక్కెరకు బదులు వేసిన చక్కెరగానే లెక్కగడతారు. అలాంటి లడ్డూకి నేను "ఖర్జూరంతో తీపి చేసిన నువ్వుల లడ్డు. పంచదార, బెల్లం వేయలేదు. ఖర్జూరంలోని చక్కెర ఉంది" అని రాస్తాను. ఖర్జూరం రుచి ఇష్టపడేవాళ్లు అది చూసే కొంటారు. షుగర్ ఉన్నవాళ్లు మోసపోకుండా ఉంటారు.

అయితే "షుగర్ ఫ్రీ" అని ధైర్యంగా రాయగలిగిన స్వీట్ ఒక్కటైనా ఉందా?

ఉంది, కానీ మీరు అనుకున్నంత పెద్ద జాబితా కాదు. శనగపిండిలో సహజంగానే నూటికి పది గ్రాముల వరకు చక్కెరలుంటాయి. బాదంలో నాలుగు గ్రాముల దాకా, జీడిపప్పులో అంతకంటే కాస్త ఎక్కువ ఉంటాయి. కాబట్టి శనగపిండి లడ్డు, జీడిపప్పు బర్ఫీ, కోవా రకాలు ఆ అర గ్రాము గీత దాటేస్తాయి.

పూతరేకులు మాత్రం నిలబడొచ్చు. బియ్యప్పిండి రేకులో చక్కెరలు చాలా తక్కువ, నెయ్యిలో ఉండవు. జీడిపప్పు, బాదం పలుకులు లేకుండా, లోపల పొడి మాల్టిటాల్‌దో ఎరిత్రిటాల్‌దో అయితే గీతకు లోపల ఉండే అవకాశం ఉంది. అయినా ఊహతో రాయొద్దు. ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్‌లో "మొత్తం చక్కెరలు" పరీక్ష చేయించి, ఆ కాగితం చేతికొచ్చాకే అచ్చుకు ఇవ్వండి.

పరీక్షలో నెగ్గినా ఒక వాక్యం మాత్రం వదలకండి: "రేకు బియ్యంతో చేసింది, పిండి పదార్థం ఉంది." ఆత్రేయపురం రేకు ఎంత పల్చగా ఉన్నా అది బియ్యమే. బియ్యం ఒంట్లోకి వెళ్లాక గ్లూకోజ్‌గా మారుతుంది. చక్కెర లేదన్న మాట నిజమే అయినా, షుగర్ పెరగదన్న మాట నిజం కాదు.

## పదార్థాల జాబితా

పదార్థాలు ఏ వరుసలో రాయాలి? ముందు బాదం, కుంకుమపువ్వు పెడితే తప్పా?

తప్పే. తయారీలో బరువు ఎక్కువ పడినది ముందు, తక్కువ పడినది చివర. ఇది నిబంధన, సొంత ఇష్టం కాదు. చిటికెడు కుంకుమపువ్వు వరుసలో చివరికే వెళ్తుంది. ఒక బ్యాచ్‌కి మీరు తూకం వేసిన కాగితం ఎదురుగా పెట్టుకుని పైనుంచి కిందికి రాసుకుంటూ పోతే జాబితా అదే తయారవుతుంది. తూకం రాసుకునే అలవాటు లేకపోతే ముందు అది మొదలుపెట్టండి. గుప్పెడు, గరిటెడు లెక్కతో చేసిన స్వీట్‌కి ఎవరూ నిజమైన లేబుల్ రాయలేరు.

"న్యాచురల్ స్వీటెనర్" అని ఒక్క ముక్కలో రాస్తే సరిపోదా? మాల్టిటాల్ అంటే జనం భయపడతారు.

పేరు రాయకపోతే భయం పోదు, తర్వాత తెలిసినప్పుడు రెట్టింపవుతుంది. స్వీటెనర్ ఏదైనా పేరుతోనే రాయాలి. మాల్టిటాల్ (965), ఎరిత్రిటాల్ (968), సుక్రలోజ్ (955), స్టీవియా (960) అని నంబరుతో సహా వేస్తే తెలిసినవాళ్లు వెంటనే పోల్చుకుంటారు. తెలియనివాళ్ల కోసం ఒక చిన్న వివరణ చేర్చండి: "మాల్టిటాల్: మాల్టోజ్ నుంచి తయారయ్యే తీపి పదార్థం. చక్కెరంత కాకపోయినా రక్తంలో గ్లూకోజ్‌ను కొంత పెంచుతుంది." అంత సూటిగా రాసిన డబ్బాలు నేను చాలా తక్కువ చూశాను. చూసినప్పుడు మాత్రం ఆ షాపు మీద నమ్మకం కలిగింది.

అస్పర్టేమ్ వాడితే దాని పేరుతోపాటు ఫినైల్‌కీటోనూరియా ఉన్నవాళ్లకు పనికిరాదన్న హెచ్చరిక తప్పనిసరి. అరుదైన జబ్బే, కానీ ఆ జబ్బున్న పిల్లల తల్లిదండ్రులు డబ్బా తిప్పి ముందు చూసేది ఆ వాక్యం కోసమే.

మేము వాడేది మార్కెట్లో దొరికే స్వీటెనర్ పొడి. దాని బ్రాండ్ పేరు రాస్తే చాలా?

చాలదు. ఆ పొడి ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవండి. సుక్రలోజ్ పంచదార కంటే సుమారు 600 రెట్లు తీపి. కిలో పంచదార తీపి రావాలంటే రెండు గ్రాములు కూడా పట్టదు. మరి ప్యాకెట్‌లో స్పూన్ల కొద్దీ కనిపించే తెల్ల పొడి ఏమిటి? చాలా పొడుల్లో అది మాల్టోడెక్స్‌ట్రిన్, కొన్నింట్లో లాక్టోజ్ లేదా డెక్స్‌ట్రోజ్. స్పూనుతో కొలుచుకోవడానికి వీలుగా బరువు కోసం కలుపుతారు. మాల్టోడెక్స్‌ట్రిన్ నాలుక మీద పెద్ద తీపి అనిపించదు గానీ అది పిండి నుంచి వచ్చినదే, రక్తంలో గ్లూకోజ్‌ను చాలా త్వరగా పెంచుతుంది.

కాబట్టి మీ జాబితాలో "స్వీటెనర్ పొడి (మాల్టోడెక్స్‌ట్రిన్, సుక్రలోజ్ 955)" అని లోపల ఉన్నవి విప్పి రాయండి. ఇలా రాయడం ఇష్టం లేకపోతే పొడి మార్చండి, వాక్యం మాత్రం మార్చకండి.

"ఎక్కువ తింటే విరేచనాలు కావచ్చు" అని స్వీట్ డబ్బా మీద రాస్తే ఎవరు కొంటారు?

మాల్టిటాల్, సార్బిటాల్, ఐసోమాల్ట్ లాంటి వాటిని పాలియాల్స్ అంటారు. స్వీట్‌లో ఇవి నూటికి పది గ్రాములు, అంతకు మించి ఉంటే ఆ హెచ్చరిక వేయాల్సిందే. ఐదు లీటర్ల పాల కోవాలో 300 గ్రాముల మాల్టిటాల్ కలిపితే నూటికి 21 గ్రాములు పడినట్టు, అంటే గీతకు రెండింతలు. ఇవి చిన్నపేగులో పూర్తిగా అరగవు. మిగిలింది పెద్దపేగులోకి వెళ్లి నీటిని లాగుతుంది, అక్కడి సూక్ష్మజీవుల వల్ల గ్యాస్ పుడుతుంది. అందుకే పండగ రోజున వరసగా ఐదారు ముక్కలు తిన్నవాళ్లకు రాత్రికి కడుపు ఉబ్బరం, గుడగుడలు.

ఆ వాక్యాన్ని బెదిరింపులా కాకుండా ఇంట్లో పెద్దవాళ్లు చెప్పినట్టు రాయొచ్చు: "ఇందులో పాలియాల్స్ ఉన్నాయి. ఎక్కువ తింటే విరేచనాలు కావచ్చు. ఒకసారికి ఒకటి రెండు ముక్కలు చాలు. పిల్లలకు ఇంకా తక్కువ పెట్టండి." ముందే చదివినవాళ్లు కడుపు ఉబ్బరమొస్తే కారణం తెలుసుకుంటారు. చదవనివాళ్లు స్వీట్ పాడైపోయిందని ఫోన్ చేస్తారు.

అలర్జీ గురించి రాయాలా? మనవాళ్లకు అవన్నీ ఉండవు కదా.

ఉంటాయి, రాయాలి. జాబితా కింద విడిగా "పాలు, జీడిపప్పు ఉన్నాయి" అని ఒక లైను. అదే బాణలిలో, అదే గ్రైండర్‌లో వేరుశనగ కూడా ఆడిస్తుంటే "వేరుశనగ ఆనవాళ్లు ఉండొచ్చు" అని ఇంకో లైను.

## ఆరోగ్యం గురించి చెప్పేటప్పుడు

"షుగర్ ఉన్నవాళ్లు నిశ్చింతగా తినొచ్చు" అని రాయొచ్చా? మా కస్టమర్లలో సగం మంది వాళ్లే.

రాయొద్దు. నిశ్చింతగా అన్న మాటే అసలు ప్రమాదం. చక్కెర వేయని కోవాలో కూడా పాల చక్కెర ఉంది, మాల్టిటాల్ కొంత గ్లూకోజ్ పెంచుతుంది, నెయ్యి, వెన్న కొవ్వు ఉండనే ఉన్నాయి. ఎవరి షుగర్ ఎంత ఉంది, ఏ మందులు వాడుతున్నారు, ఆ పూట అన్నం ఎంత తిన్నారు అన్నది డబ్బాకు తెలియదు.

ఇంకా ముందుకెళ్లి "షుగర్‌ను అదుపులో ఉంచుతుంది", "తగ్గిస్తుంది" అంటే చట్టంతో చిక్కు. మందుల అభ్యంతరకర ప్రకటనల చట్టం 1954 నాటిది. నయం చేస్తామని ప్రకటించకూడదని అందులో ఇచ్చిన జబ్బుల జాబితాలో మధుమేహం ఉంది. ఆహార భద్రతా చట్టంలో తప్పుదారి పట్టించే ప్రకటనకు పది లక్షల దాకా జరిమానా ఉంది.

మీరు చెప్పగలిగింది అంకెలు. "ఒక ముక్క 20 గ్రాములు. అందులో పాల చక్కెర సుమారు మూడున్నర గ్రాములు, మాల్టిటాల్ సుమారు నాలుగు గ్రాములు. షుగర్ ఉన్నవారు ఈ లెక్క చూసుకుని, మీ డాక్టర్ చెప్పిన ఆహార పరిమితిలో తినండి." షుగర్ ఉన్న మనిషికి నిజంగా పనికొచ్చేది ఇదే. మా నాన్నగారికి పదిహేనేళ్లుగా షుగర్. ఆయన డబ్బా తిప్పి, కళ్లజోడు పైకి నెట్టి వెతికేది ఆ అంకె కోసమే. అది కనిపించకపోతే ఒక ముక్క కూడా ముట్టుకోరు, కనిపిస్తే రాత్రి ఒక చపాతీ తగ్గించి సంతోషంగా తింటారు.

బరువు తగ్గాలనుకునేవాళ్లకు మంచిదని చెప్పొచ్చా? చక్కెర లేదంటే కేలరీలు తగ్గినట్టే కదా.

లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. ఐదు లీటర్ల గేదె పాల కోవాలో 300 గ్రాముల పంచదార వేస్తే 100 గ్రాములకు దాదాపు 430 కేలరీలు. అంతే మాల్టిటాల్ వేస్తే దాదాపు 395. పంచదార గ్రాముకు నాలుగు కేలరీలిస్తే మాల్టిటాల్ సుమారు 2.4 ఇస్తుంది, తేడా అంతవరకే. కోవాలో కేలరీలు ఎక్కువగా వచ్చేది పాల వెన్న నుంచి, అది ఎక్కడికీ పోలేదు. 20 గ్రాముల ముక్క మీద మిగిలేది ఏడు కేలరీలు. ఒక ముక్క ఎక్కువ తింటే ఆ ఆదా అంతా పోయి పైన ఇంకా చేరుతుంది.

"తక్కువ కేలరీలు" అనాలంటే నిబంధన ప్రకారం 100 గ్రాములకు 40 దాటకూడదు. నెయ్యి, కోవా ఉన్న ఏ స్వీటూ దాని దరిదాపుల్లో ఉండదు. సుక్రలోజ్, స్టీవియా లాంటి స్వీటెనర్లను బరువు తగ్గించుకునే మార్గంగా వాడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2023లో సూచించింది. అందుకే నేను ఇలా రాస్తాను: "కేలరీలు మామూలు కోవాకు దగ్గరగానే ఉంటాయి." ఈ వాక్యం చూపించినప్పుడు షాపు యజమానులు మొదట ఒప్పుకోరు. ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తే చాలామంది ఒప్పుకున్నారు.

మా అత్తగారు తిన్న గంటకు మీటర్‌తో చూస్తే షుగర్ పెరగలేదు. ఆ అంకె ఫొటో పెట్టొచ్చా?

మీ ఇంట్లో అది మంచి కబురే, ప్రకటనలో మాత్రం పెట్టకండి. కొవ్వు ఎక్కువున్న తిండి కడుపులోంచి నెమ్మదిగా కిందికి దిగుతుంది, కాబట్టి షుగర్ గంటకు కాకుండా రెండు మూడు గంటలకు పెరగొచ్చు. ఆవిడ ఆ రోజు మాత్ర వేసుకున్నారేమో, ముందు ఏం తిన్నారో చూసేవాళ్లకు తెలియదు. ఒక మనిషి, ఒక వేలు, ఒక చుక్క. దాన్ని నమ్మి ఇంకొకరు నాలుగు ముక్కలు తింటే ఆ బాధ్యత మీ ఫొటోదే.

తెలిసిన డాక్టర్ గారు బాగుందన్నారు. "డాక్టర్లు సిఫార్సు చేసినది" అని వేయొచ్చా?

వేయకూడదు. రుచి బాగుందనడం వేరు, వైద్యుడిగా సిఫార్సు చేయడం వేరు. "ఇంట్లో చేసినట్టే" అన్న మాట కూడా యూనిట్‌లో తయారయ్యే సరుకు మీద పెట్టకండి, చదివేవాళ్లకు తప్పుడు అభిప్రాయం కలిగించే మాటల్లో అదీ ఒకటి.

## క్యాప్షన్ కూర్చడం

అన్నీ కలిపి ఒక క్యాప్షన్ రాసి చూపిస్తారా?

ఐదు లీటర్ల గేదె పాలు, 300 గ్రాముల మాల్టిటాల్, యాలకుల పొడితో 20 గ్రాముల ముక్కలు డెబ్బై వచ్చే బ్యాచ్‌కి ఇలా రాశాను.

> పాలకోవా. చక్కెర కలపలేదు.
> పాలలో సహజంగా ఉండే చక్కెర ఉంది.
>
> గేదె పాలు దగ్గరగా మరిగించి, మాల్టిటాల్‌తో తీపి చేశాం.
>
> పదార్థాలు: గేదె పాలు, స్వీటెనర్ (మాల్టిటాల్ 965), యాలకుల పొడి. పాలు ఉన్నాయి.
>
> ఒక ముక్కలో (20 గ్రా): సుమారు 80 కేలరీలు, మొత్తం చక్కెరలు 3.6 గ్రా (అన్నీ పాలవే), కలిపిన చక్కెర 0, మాల్టిటాల్ 4.3 గ్రా, కొవ్వు 5 గ్రా. కేలరీలు మామూలు కోవాకు దగ్గరగానే ఉంటాయి.
>
> మాల్టిటాల్ రక్తంలో గ్లూకోజ్‌ను కొంత పెంచుతుంది. పాలియాల్స్ ఉన్నాయి, ఎక్కువ తింటే విరేచనాలు కావచ్చు. ఒకసారికి ఒకటి రెండు ముక్కలు చాలు.

ఈ అంకెలు నేను పాల సగటు లెక్కతో వేసినవి. మీ పాల వెన్న శాతాన్ని బట్టి మారతాయి, కాబట్టి అచ్చుకు ముందు ల్యాబ్ రిపోర్టులో ఉన్నవి వేసుకోండి. ఫొటో కింద పెట్టే చిన్న క్యాప్షన్‌కి చోటు తక్కువైతే మొదటి రెండు లైన్లూ, ముక్కకు చక్కెర ఎంతో చెప్పే లైనూ ఉంచి మిగతాది తగ్గించండి. రెండో లైను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తీయకండి.

లేబుల్ అంతా తెలుగులోనే వేస్తే సరిపోతుందా?

చట్టం ప్రకారం వివరాలు ఇంగ్లిష్‌లో గానీ దేవనాగరి హిందీలో గానీ ఉండాలి. తెలుగు దానికి అదనం. కానీ మీ డబ్బా చదివే పెద్దవాళ్లలో చాలామందికి తెలుగే దిక్కు కాబట్టి ఆ అదనం మానకండి. రెండు భాషల్లోనూ ఒకే మాట ఉండాలి. ఇంగ్లిష్‌లో "చక్కెర కలపలేదు" అని, తెలుగులో "షుగర్ ఫ్రీ" అని వేసిన డబ్బాలు నా దగ్గరికి సరిచేయడానికి వస్తూనే ఉంటాయి.

## అమ్మకం మొదలయ్యాక

కౌంటర్ దగ్గర "ఎన్ని తినొచ్చు బాబూ" అని పెద్దవాళ్లు అడిగితే కుర్రాళ్లు ఏం చెప్పాలి?

"ముక్కలో మూడున్నర గ్రాముల పాల చక్కెర ఉందండీ, స్వీటెనర్ కూడా కొంచెం షుగర్ పెంచుతుంది. మీ డాక్టర్ గారు ఎంతవరకు తినమన్నారో దాన్నిబట్టి చూసుకోండి." ఇంతే. ఈ రెండు వాక్యాలు కాగితం మీద రాసి గల్లాపెట్టె పక్కన అంటించండి. కుర్రాడు ఉత్సాహంలో "ఏం కాదు తాతయ్యా, ఎన్నయినా తినండి" అంటే డబ్బా మీద మీరు పడిన శ్రమంతా ఆ ఒక్క మాటతో పోతుంది. ట్రేలో విడిగా అమ్మేటప్పుడు కూడా ఇవే అంకెలున్న చీటీ ట్రే ముందు పెట్టండి. ఎప్పటిలోగా తినాలో తేదీ ట్రే మీద చూపించాలన్న నిబంధన 2020 అక్టోబర్ 1 నుంచి ఉంది, అది కూడా ఆ చీటీ మీదే వేయొచ్చు.

ఒక బ్యాచ్‌కి మాల్టిటాల్ దొరక్క వేరే పొడి వాడాం. పాత స్టిక్కర్లు చాలా మిగిలాయి, వాడేయొచ్చా?

వాడొద్దు. నేను క్యాప్షన్ రాసిచ్చిన ఒక షాపులో సరిగ్గా ఇదే జరిగింది. దసరా ముందు సరుకు ఆగిపోతే మార్కెట్లో దొరికిన స్వీటెనర్ పొడితో మూడు రోజులు కోవా చేశారు. స్టిక్కర్ మీద మాత్రం మాల్టిటాలే ఉంది. రోజూ మధ్యాహ్నం రెండు ముక్కలు తినే ఒక పెద్దావిడకు షుగర్ ఎప్పుడూ లేనంత ఎక్కువ చూపించింది. ఆవిడ కొడుకు డబ్బా పట్టుకొచ్చి, "ఇందులో ఏం మార్చారో చెప్పండి" అని నిలబడ్డాడు. పొడి ప్యాకెట్ తిప్పి చూస్తే మొదటి పదార్థం మాల్టోడెక్స్‌ట్రిన్. కారణం అదొక్కటేనని ఎవరూ తేల్చలేరు, కానీ కాదని చెప్పడానికి షాపు దగ్గర ఏమీ లేదు.

ఆ తర్వాత వాళ్లకు ఒక పద్ధతి పెట్టాను. స్టిక్కర్ మీద బ్యాచ్ నంబరు చేత్తో రాస్తారు. అదే నంబరుతో ఒక నోట్‌బుక్‌లో ఆ రోజు వాడిన ప్రతి వస్తువు తూకం, స్వీటెనర్ ప్యాకెట్ మీది పదార్థాల ముక్క కత్తిరించి అంటిస్తారు. పదార్థం మారితే ఆ రోజు సరుకు మామూలు డబ్బాలో, కొత్త చీటీతో వెళ్తుంది. చీటీ సిద్ధంగా లేకపోతే ఆ రోజు కోవా చేయరు.